ప్రశ్నలోని మాటలను బట్టి టి-పరీక్ష ఎంపిక: జత నమూనాలు, స్వతంత్ర నమూనాలు

వ్యవసాయ గణాంక శాస్త్రపు పాత ప్రశ్నపత్రాలలో రెండు సగటులను పోల్చే ప్రశ్నలు తరచుగా కనిపిస్తాయి. వీటిని సాధించటంలో గణన కన్నా ఎంపికే క్లిష్టమైనది. ఇచ్చిన అంకెలు ఒకటే అయినా, వాటిని సేకరించిన తీరును బట్టి పరీక్ష మారుతుంది, దానితో పాటు నిర్ణయమూ మారవచ్చు. ఆ తీరును తెలిపేది ప్రశ్నలోని ఒకటి రెండు పదాలు మాత్రమే.

విశాఖపట్నానికి పొరుగున ఉన్న అనకాపల్లి ప్రాంతం చెరకు సాగుకు ప్రసిద్ధి. అక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ప్రధానంగా ఈ పంటపై కృషి చేస్తున్నది. తేమను కాపాడేందుకు చాళ్ళ మధ్య చెరకు చెత్తను కప్పే పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం. కింది అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి.

"ఆరుగురు రైతులు ఒక్కొక్కరు తమ పొలాన్ని రెండు భాగాలుగా చేసి, ఒక భాగంలో చెత్త కప్పారు, రెండవ దానిలో కప్పలేదు. దిగుబడులు (హెక్టారుకు టన్నులలో) ఈ విధంగా ఉన్నాయి. సగటు దిగుబడులలో తేడా ఉన్నదా? 5 శాతం సార్థకతా స్థాయి వద్ద పరీక్షించుము."

చెత్త కప్పినవి: 66, 76, 64, 84, 76, 75
కప్పనివి: 62, 75, 58, 81, 69, 72

ఇక్కడ కీలకమైన మాటలు "ఒక్కొక్కరు తమ పొలాన్ని" అన్నవి. ప్రతి రైతు నుండి రెండు విలువలు వచ్చాయి. అవి ఒకే నేలకు, ఒకే నీటి వసతికి, ఒకే యాజమాన్యానికి చెందినవి. కనుక ఇది జత టి-పరీక్షకు తగిన ప్రశ్న. ముందుగా రైతువారీ తేడాలు తీయాలి: 4, 1, 6, 3, 7, 3. వీటి సగటు 4, విస్తృతి 4.8. సగటు తేడా యొక్క ప్రామాణిక దోషం √(4.8/6) = 0.894. అప్పుడు t = 4/0.894 = 4.47. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5కు ద్విపార్శ్వ పట్టిక విలువ 2.571. లెక్కించిన విలువ అంతకన్నా ఎక్కువ కనుక శూన్య పరికల్పనను తిరస్కరిస్తాము.

ఇవే అంకెలను స్వతంత్ర నమూనాలుగా భావించినచో ఉమ్మడి విస్తృతి 62.9, ప్రామాణిక దోషం 4.58, t = 0.87 అవుతాయి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 10కి పట్టిక విలువ 2.228. తేడా సార్థకం కాదని తేలుతుంది. కారణం స్పష్టమే. 58 నుండి 81 టన్నుల వరకు పొలానికీ పొలానికీ ఉన్న వ్యత్యాసం ఈ గణనలో దోషంగా చేరి, 4 టన్నుల తేడాను కప్పివేసింది. జత పరీక్షలో రైతువారీ తీసివేత ఆ వ్యత్యాసాన్ని తొలగిస్తుంది.

ప్రశ్నలో "ఆరుగురు రైతులు చెత్త కప్పగా, మరి ఆరుగురు కప్పలేదు" అని ఉండినచో రెండవ గణనే సరియైనది. అప్పుడు 66కూ 62కూ ఏ సంబంధమూ లేదు. రెండు వరుసలలో సమాన సంఖ్యలో విలువలు ఉండటం జతకు గుర్తు కాదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నిర్ధారణకు సులభమైన మార్గం ఒకటున్నది. ఒక వరుసలోని విలువల క్రమాన్ని మార్చి చూడండి. సమాచారం ఏదీ నష్టపోకుంటే నమూనాలు స్వతంత్రమైనవి. ఎవరి విలువ ఎవరిదో తెలియకుండా పోతే అవి జతలు. "అదే మొక్కలపై", "పిచికారీకి ముందు, తరువాత", "ఒకే ఆకు యొక్క రెండు అర్ధభాగాలు" వంటి మాటలు జతలను సూచిస్తాయి.

క్షేత్ర ప్రయోగాలు తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. ప్రతి రైతు పొలం ఒక బ్లాకు, అందులో రెండు ట్రీట్‌మెంట్లు. ఈ దత్తాంశాన్ని యాదృచ్ఛిక బ్లాకు పద్ధతిలో విశ్లేషిస్తే F = 20 వస్తుంది. అది 4.47 యొక్క వర్గమే. ప్రతి రైతు వద్ద మూడు పద్ధతులు పోల్చినట్లు ప్రశ్న చెబితే టి-పరీక్షను విడిచి ఈ విశ్లేషణకే వెళ్ళాలి.

పరీక్షను ఎంచుకున్న తరువాత దిశను గమనించాలి. "తేడా ఉన్నదా" అంటే ద్విపార్శ్వం, "పెరిగినదా" అంటే ఏకపార్శ్వం. పై ఉదాహరణలో ఏకపార్శ్వ పట్టిక విలువ 2.015 అవుతుంది. విశాఖ ఓడరేవులో దిగుమతి అయిన యూరియాను నింపిన 10 బస్తాలను తూచి, "సగటు బరువు 45 కిలోల కన్నా తక్కువా" అని అడిగితే అది ఒకే నమూనాపై ఏకపార్శ్వ టి-పరీక్ష. దిశను ప్రశ్న నుండే గ్రహించాలి. దత్తాంశం ఎటు మొగ్గినదో చూసి నిర్ణయించరాదు.

జత పరీక్షకూ ఒక పరిమితి ఉన్నది. తేడాలు సుమారుగా సామాన్య విభాజనాన్ని అనుసరించాలి. ఆరు జతలలో ఒక తేడా మిగిలినవాటికి చాలా దూరంగా ఉంటే టి-విలువ నమ్మదగినది కాదు. అట్టి సందర్భంలో విల్కాక్సన్ చిహ్నిత కోటి పరీక్షను ఆశ్రయించవచ్చును. అయితే అదీ జతల పరీక్షే కనుక, విలువలు జతలా కావా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం తేల్చుకోవలసినదే.