మొదటి ముద్దతోనే మందు

నొప్పి బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కింద మొదలవుతుంది. అన్నం తిన్న కాసేపటికి వీపులోకి పొడుచుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మన ఇళ్లలో దీనికి చటుక్కున దొరికే పేరు గ్యాస్. ఆ పేరుతోనే కొందరికి పదేళ్లు గడిచిపోతాయి.

ఇలాంటి రోగుల అనుభవాలన్నీ కలిపి ఒక మనిషిని నిలబెడదాం. ముప్పై నాలుగేళ్ల లారీ డ్రైవర్. పంతొమ్మిదో ఏట మొదటిసారి నొప్పి వచ్చింది. మందు అలవాటు లేదు, బీడీలు మాత్రం ఉన్నాయి. తింటే నొప్పి వస్తోందని తిండి తగ్గించుకున్నాడు. అరవై రెండు కిలోల మనిషి యాభై ఒకటికి వచ్చాడు. చివరికి ఒక అల్ట్రాసౌండ్‌లో క్లోమం నాళంలో రాళ్లు కనిపించాయి, సిటీ స్కాన్ వాటిని ఖాయం చేసింది. అది క్రానిక్ ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం ఏళ్ల తరబడి వాచి, గట్టిపడి, కొద్దికొద్దిగా పని మానేసే జబ్బు.

ఈ మాట వినగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ‘తాగుతాడా?’ అని. మద్యం పెద్ద కారణమే, పొగ జబ్బును మరింత వేగంగా ముందుకు తోస్తుంది. కానీ చుక్క ముట్టని యువకుల్లోనూ, పిల్లల్లోనూ పెద్ద పెద్ద రాళ్లతో ఈ జబ్బు రావడం దక్షిణ భారతంలో చాలాకాలంగా తెలిసిందే. కేరళలో డాక్టర్ గీవర్గీస్ ఇలాంటి రోగులను పెద్ద సంఖ్యలో చూసి, వివరంగా నమోదు చేశారు. అక్కడ కర్రపెండలాన్ని చాన్నాళ్లు అనుమానించారు గానీ ఆ నేరం రుజువు కాలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు 2002లో స్పింక్1 అనే జన్యువులోని మార్పుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చూపించారు. క్లోమంలో తయారయ్యే జీర్ణరసం పేగులోకి చేరకముందే పనిలోకి దిగితే దాన్ని అడ్డుకోవడం ఆ జన్యువు బాధ్యత. ఆ కాపలా బలహీనపడితే క్లోమం తనను తానే అరిగించుకోవడం మొదలెడుతుంది.

మన డ్రైవర్‌కు నొప్పి కాక ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అడిగితే తప్ప చెప్పలేదు. విరేచనం జిడ్డుగా, లేతరంగులో, విపరీతమైన వాసనతో అవుతోంది. నీళ్లు రెండుసార్లు పోసినా దొడ్డిగిన్నెకు అంటుకునే ఉంటోంది. తిన్న నూనె, నెయ్యి అరక్కుండా బయటికి పోతున్నాయనడానికి గుర్తు అదే. కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమ్ తయారీ పదింట తొమ్మిది వంతులు పడిపోయేదాకా ఈ లక్షణం సాధారణంగా బయటపడదు. అంటే కనిపించేసరికే ఆలస్యమైపోయిందన్నమాట. కొవ్వుతో పాటే ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. ఎముకలు బలహీనపడటం అక్కడినుంచే.

పోయిన ఎంజైమ్‌ను బయటినుంచి ఇవ్వడానికే క్యాప్సూళ్లు ఉన్నాయి. వీటిలో ఉండేది పంది క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌లు. ఈ సంగతి చాలామందికి మందుల షాపులో ఎవరూ చెప్పరు. శాకాహారులైనా, మతపరమైన అభ్యంతరం ఉన్నవారైనా డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది. తెలియకుండా మింగి, తెలిశాక ఒక్కసారిగా ఆపేయడం కంటే అది నయం.

డోసు కంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది వేళ దగ్గర. మందు అనగానే మనకు ‘భోజనానికి ముందా, తర్వాతా?’ అన్న ప్రశ్న అలవాటు. దీనికి రెండూ కాదు. క్యాప్సూల్‌లో సన్నటి గుళికలు ఉంటాయి. వాటి పూత కడుపులోని ఆమ్లానికి కరగదు, పేగులోకి వెళ్లాక కరుగుతుంది. కాబట్టి గుళికలు అన్నంతో కలిసి ప్రయాణం చేయాలి. ఖాళీ కడుపున వేస్తే అవి ముందే వెళ్లిపోతాయి, చేయి కడుక్కున్నాక వేస్తే అన్నం ముందు వెళ్లిపోతుంది. రెంటిలోనూ డబ్బు దండగే.

పెద్దవాళ్లకు సాధారణంగా పూర్తి భోజనానికి 25 వేల నుంచి 50 వేల యూనిట్ల లైపేజ్‌తో మొదలుపెడతారు, చిరుతిండికి అందులో సగం. డ్రైవర్‌కు 25 వేల యూనిట్ల క్యాప్సూళ్లు రాశారు. మధ్యాహ్నం పప్పన్నం మొదటి ముద్దతో ఒకటి, కూర అయి పెరుగన్నానికి వచ్చేముందు ఇంకోటి. సాయంత్రం దాబా దగ్గర మిరపకాయ బజ్జీలు తింటే వాటితో ఒకటి. ఒక్క జామకాయో, పాలు లేని టీయో అయితే అక్కర్లేదు. నమలకూడదు, నలపకూడదు. మింగలేనివాళ్లు గుళికలను చెంచాడు చల్లటి పెరుగులో వేసుకుని వెంటనే మింగవచ్చు. వేడి పాలల్లో, వేడి సాంబారులో కలిపితే పూత పాడవుతుంది. ఎండాకాలం లారీ డ్యాష్‌బోర్డు మీద పెట్టిన డబ్బాలో మందు మిగిలినా బలం మిగలదు.

ఇంత చేసినా విరేచనం మారకపోతే? అలా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న క్లోమం ఆమ్లాన్ని తగ్గించే ద్రవాన్నీ పేగులోకి వదులుతుంది. జబ్బుపడ్డ క్లోమం వదలలేదు. పేగు పుల్లగా ఉండిపోతే గుళికల పూత వేళకు కరగదు. అప్పుడు డాక్టర్లు డోసు పెంచుతారు, లేదా ఆమ్లాన్ని తగ్గించే మాత్ర జోడిస్తారు. నెయ్యి, నూనె పూర్తిగా మానేయడం మాత్రం దీనికి మందు కాదు. అసలే చిక్కిన మనిషి ఇంకా చిక్కిపోతాడు.

రోగులు నిరాశపడేది ఇంకోచోట. ఈ క్యాప్సూళ్లు నొప్పి మాత్రలు కావు. నొప్పి తగ్గలేదని నెలరోజులకే ఆపేసేవాళ్లు చాలామంది. నొప్పి లెక్క వేరు: నాళాన్ని రాయి మూసిందా, నరాలే దెబ్బతిన్నాయా అన్నది చూడాలి. రాళ్లను బయటినుంచి షాక్‌వేవ్‌లతో పిండిచేసి, ఎండోస్కోపీతో తొలగించే చికిత్సలో హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి పెద్ద అనుభవం ఉంది. వెయ్యిమందికి పైగా రోగుల ఫలితాలను అక్కడి డాక్టర్లు 2010లో ప్రచురించారు. అది కుదరనివారికి ఆపరేషన్. ఏది చేసినా బీడీ మానకపోతే జబ్బు ఆగదు.

ఇక షుగర్. జీర్ణరసాలు తయారుచేసే క్లోమంలోనే ఇన్సులిన్ తయారుచేసే కణాలూ ఉన్నాయి. మచ్చకట్టిన నేలలో అవి కూడా మెల్లగా చచ్చిపోతాయి. ఫ్రాన్స్‌లో 500 మంది రోగులను ఏళ్లపాటు గమనించిన అధ్యయనంలో, జబ్బు మొదలైన పాతికేళ్లకు పదిమందిలో ఎనిమిది మందికి పైగా షుగర్ బారిన పడతారని తేలింది. ఇది మామూలు షుగర్ లాంటిది కాదు. షుగర్ మరీ పడిపోతే కాపాడే గ్లూకగాన్ కణాలు కూడా ఇక్కడ దెబ్బతింటాయి. ఇన్సులిన్ వేసుకుని, నొప్పి వల్ల ఆ పూట అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. లారీ నడిపేవాడికి ఆ చెమటలు, ఆ వణుకు ఎక్కడ పడతాయో ఊహించవచ్చు. క్యాప్సూళ్లు మొదలుపెట్టాక తిన్నది సరిగ్గా అరుగుతుంది కాబట్టి రీడింగులు పెరగవచ్చు కూడా. దాన్ని మందు పడలేదనుకుని ఆపేస్తారు. మార్చాల్సింది ఇన్సులిన్ డోసు, క్యాప్సూల్ కాదు.

అందుకే షుగర్ లేనివారు కూడా ఏడాదికొకసారి పరగడుపు పరీక్ష, హెచ్‌బీఏ1సీ చేయించుకోవాలి. మన డ్రైవర్ మూడు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాడు, విరేచనం బాగుపడింది, నొప్పి సగమే తగ్గింది. నిరుడు హెచ్‌బీఏ1సీ 5.6 ఉంది. ఈ ఏడాది 6.1 వచ్చింది. 6.5 దాటితే షుగరే అంటారు. డాక్టర్ కాగితం మీద వచ్చే పరీక్ష తేదీని ఏడాదికి కాకుండా ఆరునెలలకు వేశారు.