సమన్లు అందాయి సరే, కోర్టులో ఎవరిని అడగాలి?

మీ మోటారు సైకిల్ ఎప్పుడో పోయింది. పోలీసులు దొంగను పట్టుకున్నారు, బండి దొరికింది, కోర్టుకు పూచీ రాసిచ్చి తెచ్చుకున్నారు. ఆ సంగతి దాదాపు మరిచిపోయాక ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చి సమన్లు చేతిలో పెట్టాడు. ఫలానా తేదీన ఉదయం 10.30కి జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. సినిమాల్లో తప్ప కోర్టు చూడని మనిషికి అక్కడ ఎవరు ఎవరో తెలియదు. నల్లకోటు వేసుకున్న ప్రతివారినీ దారి అడుగుతూ తిరుగుతాడు.

ముందు సమన్ల మీద ఉన్న నంబరు చూసుకోండి. సీసీ అని ఉంటే ఆ కేసు విచారణ ఈ కోర్టులోనే జరుగుతుంది. పాత ఐపీసీ 379 కింద పెట్టినా, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303 కింద పెట్టినా, మొదటిసారి చేసిన మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు వేయగలిగిన జైలుశిక్ష కూడా మూడేళ్ల వరకే కాబట్టి లెక్క సరిపోతుంది. హత్య కేసు కూడా మొదట ఇలాంటి కోర్టుకే వస్తుంది కానీ దాన్ని విచారించే అధికారం దీనికి లేదు. పీఆర్సీ నంబరు వేసి, కాగితాలన్నీ సరిచూసి సెషన్స్ కోర్టుకు పంపేస్తారు. అక్కడ అది ఎస్సీ నంబరు కేసు అవుతుంది.

కోర్టు ఆవరణలో మీరు మొదట వెతకాల్సింది కోర్టు కానిస్టేబుల్‌ని. పేరులో కోర్టు ఉంది కానీ ఆయన కోర్టు ఉద్యోగి కాదు, మీ ఊరి పోలీసు స్టేషన్ మనిషి. స్టేషన్ నుంచి కేసు కాగితాలు తేవడం, సాక్షులను పిలిపించడం, వారెంట్ల సంగతి చూడడం ఆయన పని. ప్రతి స్టేషన్‌కూ ఇలా ఒకరుంటారు కాబట్టి, ఖాకీ బట్టల వాళ్లు నలుగురు కనిపిస్తే ‘ఏ స్టేషన్ సార్?’ అని అడిగి మీ ఆయన్ని పట్టుకోండి. మీరు వచ్చినట్టు ఆయనకు తెలియకపోతే సాక్షి రాలేదనే లెక్క. చెట్టు కింద టీ తాగుతూ కూర్చున్నవాళ్లకు మధ్యాహ్నం మూడింటికి ‘మీ కేసు వాయిదా పడిపోయింది’ అన్న కబురు అందేది ఇందుకే.

ఇక హాల్లోకి వెళ్తే, ఎత్తైన వేదిక మీద కూర్చున్నవారు మేజిస్ట్రేటు. అదే మనిషి చాలాచోట్ల జూనియర్ సివిల్ జడ్జిగా పొలం తగాదాలు కూడా చూస్తారు. ఆయనకు లేదా ఆవిడకు మీ కేసు గురించి తెలిసేది కాగితం మీదికి, బోనులోకి వచ్చినంతే. ఛాంబర్ దగ్గర కాసుకుని ‘అసలు జరిగింది ఏంటంటే’ అని చెప్పబోతే బయటికి పంపేస్తారు. అందులో పొగరేమీ లేదు, రెండో పక్షం లేకుండా ఒకరి మాట వినకూడదు. ‘యువర్ ఆనర్’ అని నాలుక తిప్పుకోనక్కర్లేదు, ‘సార్’ లేదా ‘మేడమ్’ అంటే చాలు.

ఆ వేదిక కిందే, ఫైళ్ల గుట్ట వెనక తల మాత్రమే కనిపించే మనిషి బెంచి క్లర్కు. హాలు నడిచేది ఈయన చేతుల మీదుగానే. ఆ రోజు కేసుల జాబితా ఈయన దగ్గర ఉంటుంది. ఒక్కో కేసు పిలిపించి, ఫైలు పైకి అందించి, మేజిస్ట్రేటు చెప్పిన వాయిదా తేదీని డైరీలో ఎక్కిస్తారు. లాయర్లు వేసే పిటిషన్లు అందుకుంటారు. మీ ఫిర్యాదు కాగితం సాక్ష్యంలోకి వస్తే దాని మీద ‘ఎగ్జిబిట్ పి1’ అని గుర్తు వేసేది కూడా సాధారణంగా ఈయనే. కేసు ఎప్పుడు పిలుస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఈయన దగ్గరే దొరుకుతుంది. కేసు గెలుస్తుందా అని మాత్రం అడగకండి, అది ఆయన చెప్పగలిగేది కాదు. తేదీ ఇప్పిస్తాననో, ఫైలు ముందుకు జరిపిస్తాననో వరండాలో డబ్బులడిగేవాళ్లు తగిలితే దూరంగా ఉండండి. వాయిదా తేదీ ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే ఉచితంగా కనిపిస్తుంది.

తలుపు దగ్గర నిలబడి పేర్లు కేక వేసేది అటెండరు. కొన్ని కోర్టుల్లో డఫేదారు అంటారు. మామూలుగా మూడుసార్లు పిలుస్తారు. పొద్దున్నే కాల్ వర్క్ అని వరసగా అన్ని కేసులూ పిలిచి, లాయరు వేరే కోర్టులో ఉంటే ‘పాస్ ఓవర్’ అని పక్కన పెట్టి తర్వాత మళ్లీ పిలుస్తారు. ముద్దాయి పలకకపోతే, అతని తరఫున గైర్హాజరు పిటిషన్ పడకపోతే, నాన్ బెయిలబుల్ వారెంటు దాకా పోవచ్చు. సాక్షి సమన్లు అందుకుని కూడా రాకపోతే అతని మీదా వారెంటు రావచ్చు.

సాక్ష్యం మొదలయ్యాక మీతో మొదట మాట్లాడేది ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయన ప్రభుత్వం తరఫు లాయరు, మీ లాయరు కాదు. ఫిర్యాదు మీదే అయినా కేసు నడిపేది ప్రభుత్వం, కోర్టు లెక్కలో మీరు పీడబ్ల్యూ1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. మీరు సొంతంగా లాయర్ని పెట్టుకున్నా ఆయన ఏపీపీకి సాయం చేయగలరు తప్ప, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా కేసు తన చేతుల్లోకి తీసుకోలేరు. ముద్దాయికి లాయరు లేకపోతే లీగల్ ఎయిడ్ కింద కోర్టే ఒకరిని ఇస్తుంది. మీ తర్వాత చెప్పాల్సిన సాక్షులను బయటికి పంపేస్తారు, ఒకరి మాట విని ఇంకొకరు చెప్పకూడదని.

ప్రమాణం అయ్యాక ఏపీపీ అడుగుతారు: ‘బండి ఎలా పోయింది?’

‘సంతకు పోతూ ఏడింటికి సెంటర్లో పెట్టానండి. తొమ్మిదింటికి వచ్చి చూస్తే లేదు.’

మీరన్న మాట అలాగే కాగితం మీదికి పోదు. మేజిస్ట్రేటు దాన్ని వాక్యంగా కూర్చి, పక్కనున్న స్టెనోకు చెబుతారు, చాలాసార్లు ఇంగ్లిషులో. ఏడింటికి బండి పెట్టారు, తొమ్మిదింటికి లేదని తెలిసింది. అది టైపులో ‘ఏడింటికి పోయింది’ అయిందంటే, ముద్దాయి ఎనిమిదింటి దాకా ఇంకో ఊళ్లో ఉన్నాడని డిఫెన్స్ లాయరు చూపించినప్పుడు మీ మాట ముద్దాయికి పనికొస్తుంది. అందుకే సాక్ష్యం పూర్తయ్యాక మీకు చదివి వినిపించాలని, మీకు రాని భాషలో ఉంటే అర్థమయ్యే భాషలో చెప్పాలని చట్టంలోనే ఉంది. ‘ఇది నేను అనలేదండి’ అంటే దిద్దుతారు. మేజిస్ట్రేటుకు దిద్దడం సబబు అనిపించకపోయినా మీ అభ్యంతరాన్ని రాసిపెట్టాలి. రద్దీ రోజుల్లో ఈ చదవడం రెండు నిమిషాల్లో ముగించేస్తారు. మొహమాటపడకుండా మళ్లీ చదవమనండి.

‘ముద్దాయిని గుర్తుపడతారా?’ అని అడిగితే, దొంగను కళ్లారా చూడకపోతే చూడలేదనే చెప్పండి. బండి యజమాని దొంగను చూడకపోవడంలో వింతేమీ లేదు, మీరు చెప్పాల్సింది బండి మీదని, పోయిందని. అసలు చిక్కు పంచనామా మధ్యవర్తులతో వస్తుంది. పోలీసులు బండి పట్టుకుంటున్నప్పుడు అక్కడున్నామని సంతకం పెట్టినవాళ్లే బోనులోకొచ్చి ‘తెల్లకాగితం మీద పెట్టించుకున్నారు’ అంటే, ఏపీపీ వాళ్లను హాస్టైల్‌గా ప్రకటించమని కోరి, తన సాక్షినే తాను ఎదురు ప్రశ్నలు అడుగుతారు.

తర్వాత డిఫెన్స్ లాయరు క్రాస్ చేస్తారు. ‘మీరు అబద్ధం చెబుతున్నారంటాను’ అన్న వాక్యం వినగానే కోపం తెచ్చుకోకండి. ప్రతి సాక్షితోనూ అనే మాట అది. ‘కాదండి’ అంటే సరిపోతుంది. అన్నీ అయ్యాక సంతకం పెట్టి దిగివచ్చి, ఉద్యోగస్తులైతే ఆ రోజు సాక్ష్యానికి హాజరైనట్టు సర్టిఫికెట్ కావాలని బెంచి క్లర్కును అడగండి. దూరం నుంచి వచ్చినవారు సాక్షి బత్తా సంగతి కూడా అప్పుడే అడగాలి. అడగనివారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.