నున్నటి గుండుకు మెడ వెనక పొక్కులు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చినవాళ్లలో చాలామందికి ఒకటి రెండు రోజులు తల చురచురలాడడం తప్ప పెద్ద బాధేమీ ఉండదు. మళ్లీ కత్తి తగిలేలోపు జుట్టు అంగుళాలు పెరుగుతుంది. తిప్పలన్నీ ఇంట్లో అద్దం ముందు రోజూ గుండు గీసుకునేవాళ్లవి. జుట్టు పలచబడిందని ఉన్నది కూడా తీసేసి, నున్నగా ఉంచుకుందామనుకున్న మగవాళ్లు కొన్ని వారాలకే మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకుంటారు. అక్కడ గట్టిగా, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పెట్టే పొక్కులుంటాయి. కొన్నిటి మధ్యలో నల్లటి చుక్కో, చుట్టుకుపోయిన వెంట్రుకో కనిపిస్తుంది.

వీటిని చెమటకాయలని కొందరు పౌడరు చల్లుతారు, చుండ్రని కొందరు షాంపూ మారుస్తారు. తేడా పట్టడం కష్టం కాదు. చెమటకాయలు ఎండ వేడికి వచ్చి, చల్లబడితే అణుగుతాయి. ఇవి గడ్డం గీసినా, తల గీసినా రేజర్ తిరిగిన చోటే వస్తాయి. గీయడం మానితే వారాల మీద తగ్గి, మళ్లీ మొదలుపెడితే తిరిగొస్తాయి.

అసలు జరిగేదేమిటంటే, వెంట్రుక తన ఒంట్లోకే తిరిగి గుచ్చుకుంటుంది. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. ఉంగరాల జుట్టున్నవాళ్లకు చర్మం పైకి వచ్చిన వెంట్రుక కాస్త పెరగగానే వంగి, పక్కనే చర్మంలోకి దిగుతుంది. రెండో దారికి మాత్రం రేజరే కారణం. మూడు నాలుగు బ్లేడ్లున్న రేజర్లలో ముందున్న బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, అది తిరిగి లోపలికి జారేలోపు వెనకున్నది కోస్తుంది. కోసిన మొన చర్మం మట్టానికి కిందికి జారిపోతుంది. అది మళ్లీ పెరిగేటప్పుడు రంధ్రం నోట్లోంచి బయటికి రాకుండా, పక్క గోడను పొడుచుకుని చర్మంలోకి వెళ్తుంది. ఏటవాలుగా తెగిన మొన కలం పాళీలా పదునుగా ఉంటుంది కాబట్టి దానికి అదేమంత కష్టం కాదు. శరీరం ఆ వెంట్రుకను పరాయి వస్తువనుకుని దాని చుట్టూ వాపు తెస్తుంది. అదే పొక్కు. సూక్ష్మజీవులు చేరకపోయినా ఇది వస్తుంది. చీము పట్టిందంటే మాత్రం అవి కూడా చేరి ఉండవచ్చు.

ఎంత లోతుగా కోస్తే అంత నునుపు, ఎంత నునుపైతే అంత పొక్కులు. అందుకే ప్రకటనలో చూపించే నున్నదనాన్ని నేను శత్రువనే అంటాను.

నలభై దాటిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నాడనుకుందాం. పొద్దున్నే స్నానానికి ముందు, పొడి తల మీద ఒంటి సబ్బు నురగ రాసి, అయిదు బ్లేడ్ల రేజర్‌తో గీస్తాడు. పైన బాగానే వస్తుంది. మెడ వెనక కనబడదు కాబట్టి ఎడమ చేత్తో చర్మం లాగి పట్టుకుని, కిందినుంచి పైకి ఎదురు గీస్తాడు. వేలితో తడిమి గరుగ్గా తగిలిన చోట నురగ లేకుండానే మరో నాలుగుసార్లు లాగుతాడు. తరవాత పటిక రుద్ది, ఆ పైన మండే లోషన్ రాసి, హెల్మెట్ పెట్టుకుని బయల్దేరతాడు. పొక్కులు ముందు ఎక్కడ వస్తాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. చొక్కా కాలరూ హెల్మెట్ అంచూ రాసుకునే మెడ వెనకే.

ఈయన మొదట చెయ్యవలసిన పని నాలుగు వారాలు రేజర్ ముట్టకపోవడం. బయటికి గుండులాగే కనబడాలంటే, దువ్వెన ముక్క తగిలించకుండా ట్రిమ్మర్‌ను తేలిగ్గా తిప్పితే చాలు. ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా జుట్టు మిగులుతుంది, నల్లటి నీడ కనబడుతుంది. చర్మం కింద చిక్కుకున్న వెంట్రుకలు రోజుకు మూడో వంతు మిల్లీమీటరు చొప్పున పెరిగి, చాలావరకు వాటంతట అవే బయటపడతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన బట్టను పూటకు పది నిమిషాలు పొక్కుల మీద పెడితే హాయిగా ఉంటుంది. ఉంగరంలా పైకి కనబడుతున్న వెంట్రుకనైతే శుభ్రం చేసిన సూదితో మెల్లగా పైకి లేపవచ్చు. లేపడం వరకే. పీకితే లోపల కొత్త వెంట్రుక మళ్లీ అదే దారి పడుతుంది. కనబడనిదాని కోసం తవ్వితే మచ్చ మిగులుతుంది.

చర్మం తేరుకున్నాక రేజర్ పట్టాలంటే ముందు వాలు తెలుసుకోవాలి. తల మీద వెంట్రుకలన్నీ ఒకే వైపు వాలవు. నడినెత్తిన సుడి చుట్టూ తిరిగి, ముందు వైపు ముందుకీ పక్కల కిందికీ వాలతాయి. రెండు సుడులున్నవాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. మెడ దగ్గర కొందరికి కిందికి, కొందరికి పక్కకి, కొందరికి పైకి కూడా వాలుతుంది. రెండు రోజుల జుట్టు మీద వేలు పోనిచ్చి చూడండి. ఎటు పోనిస్తే మెత్తగా తగులుతుందో అదే వాలు. అటే గీయాలి.

స్నానం చేసిన తరవాత గీసుకుంటే సగం సమస్య పోతుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు నిమిషాలు నానిన వెంట్రుక ఉబ్బి మెత్తబడి, తక్కువ బలానికే తెగుతుంది. జుట్టు పొడుగ్గా ఉంటే ముందే ట్రిమ్మర్‌తో తగ్గించాలి. షేవింగ్ క్రీమో జెల్లో రాసి ఒక నిమిషం ఆగి, ఒకే బ్లేడున్న రేజర్ తీసుకోండి. తల భాగాన్ని చర్మానికి బల్లపరుపుగా ఆన్చి, బ్లేడు తగిలేదాకా పిడిని కొద్దికొద్దిగా దించాలి. తగలగానే అక్కడే ఆపి, అదే కోణంలో గీయండి. చర్మం లాగకూడదు, రేజర్‌ను నొక్కకూడదు. ఒకటి రెండు అంగుళాలకోసారి కడగాలి. వెళ్లిన చోటికి మళ్లీ వెళ్లాలంటే మళ్లీ క్రీమ్ రాయాల్సిందే. గరుకు మిగిలితే మిగలనివ్వండి.

బ్లేడు వెంట్రుకను లాగుతున్నట్టు అనిపిస్తే మార్చేయండి. సెలూన్‌లో అయితే మీ ముందు కొత్త బ్లేడు విప్పమని అడగండి. ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడితే పొక్కులొక్కటే కాదు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బీ, సీ కూడా అంటుకోవచ్చు. అయిపోయాక చల్లటి నీళ్లతో కడిగి, రుద్దకుండా తువ్వాలుతో అద్ది, వాసన లేని మాయిశ్చరైజర్ రాస్తే చాలు. పటికా, డెట్టాలూ, ఆల్కహాల్ లోషనూ మండితేనే పని చేసినట్టని మనవాళ్ల నమ్మకం. మండడం చర్మం రేగిందనడానికి గుర్తు, అంతే. తరచూ పొక్కులు వచ్చేవాళ్లు రెండు శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న లోషన్ రాత్రుళ్లు వాడవచ్చు. గీసిన రోజు మాత్రం వద్దు.

ఇంకో మాట. మందుల షాపులో అడిగితే ఇచ్చే ఎర్రదనం క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో తగ్గినట్టనిపించి, నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది.

మెడ వెనక పొక్కులు గట్టిపడి, ఒకదానితో ఒకటి కలిసి గడ్డల్లా పెరుగుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. డాక్టర్లు దాన్ని అక్నే కెలాయిడాలిస్ న్యూకే అంటారు. వదిలేస్తే అక్కడ మచ్చ కట్టి జుట్టు శాశ్వతంగా పోతుంది. దానికి ఇంటి వైద్యం లేదు. చీము కారుతున్నా, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్నవాళ్లకు పుండు మానకపోయినా ఆగకుండా చర్మవైద్యుణ్ణి కలవండి. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పొక్కులు ఆగని ఉంగరాల జుట్టువాళ్లకు మాత్రం రేజర్ పక్కన పెట్టి ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోవడమే మేలు.