మీకు తెలుసా? వీమాఫ్ మార్కులు పదునుతోనూ పెరుగుతాయి

వీడియోను కుదించాక నాణ్యత ఎంత పోయిందో కొలిచే వీమాఫ్‌ను నెట్‌ఫ్లిక్స్ 2016లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. బొమ్మ మన కంటికి ఎలా కనిపిస్తుందో అంచనా వేసి 0 నుంచి 100 దాకా మార్కులిస్తుంది. అయితే కుదించే ముందు బొమ్మకు కాస్త పదును, కాంట్రాస్ట్ పెంచితే చాలు, మార్కులు పెరిగిపోతాయి! పీఎస్‌ఎన్‌ఆర్ దగ్గర ఈ కిటుకు పారదు. అది ప్రతి పిక్సెల్‌నూ అసలుతో పోల్చి తేడాను డెసిబెల్స్‌లో చెబుతుంది కాబట్టి, పదును పెట్టిన కాపీకి తక్కువే వేస్తుంది. ఒకే బిట్‌రేట్‌లో రెండు సెట్టింగులను పోల్చినప్పుడు ఒకదానికి వీమాఫ్ పెరిగి పీఎస్‌ఎన్‌ఆర్ తగ్గిందంటే అనుమానించాల్సిందే. అప్పుడు `vmaf_v0.6.1neg` మోడల్‌తో మళ్లీ కొలవండి. పదును వల్ల కలిసొచ్చిన మార్కులను అది చాలావరకు తీసేస్తుంది.