బిల్లుకు ఒక్కటే ఇల్లు

తెనాలిలో మా బాబాయిది హార్డ్‌వేర్ షాపు. పైపులు, పెయింట్లు, స్విచ్ బోర్డులు, మేకులు. నెలకు ముప్పై, నలభై కొనుగోలు బిల్లులు వస్తాయి. కొన్ని సరుకుతో పాటు డ్రైవరు చేతికిస్తాడు, కొన్ని వాట్సాప్‌లో వస్తాయి, కొన్ని మెయిల్‌లో. అన్నిటినీ బాబాయి జాగ్రత్తగానే లాప్‌టాప్‌లోకి ఎక్కించేవాడు. ఒక్క కాగితం కూడా పారేసే మనిషి కాదు.

2024 నవంబరులో ఆడిటరు గారు ఫోన్ చేశారు. 2023 మే నెలలో పైపుల డీలరుకు 41,300 రూపాయలు కట్టినట్టు బ్యాంకులో ఉంది, కానీ ఆ బిల్లు మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకోలేదు, బిల్లు పంపమన్నారు. బాబాయి లాప్‌టాప్ అంతా వెతికాడు. పైపుల డీలరు పేరుతో ఒక ఫోల్డరు, "మే బిల్లులు" అని ఇంకొకటి, `New folder (2)` అని మరొకటి ఉన్నాయి. బిల్లు డిసెంబరు 3న దొరికింది. దాని పేరు `IMG-20230519-WA0007.jpg`. డీలరు మన జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడని అప్పుడు తెలిసింది. కానీ ఒక ఆర్థిక సంవత్సరం బిల్లులను సరిదిద్దుకోవడానికి, వాటి మీద క్రెడిట్ తీసుకోవడానికి ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే గడువు. మూడు రోజులు దాటిపోయింది. 35,000 సరుకు మీద 18 శాతం పన్ను, 6,300 రూపాయలు చేతి నుంచి పోయాయి.

"బిల్లు నా దగ్గరే ఉందిరా, ఎక్కడుందో తెలియలేదు," అన్నాడు బాబాయి. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని ఫోల్డర్లన్నీ మొదటి నుంచి కట్టాం.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే ప్రశ్న. పైన ఏది ఉండాలి, సప్లయరా, సంవత్సరమా? చాలా షాపుల్లో సప్లయర్ పేరుతో ఫోల్డర్లు ఉంటాయి. అలమరలో ఒక్కొక్కరికి ఒక ఫైలు పెట్టే అలవాటు నుంచి వచ్చిన పద్ధతి అది. బాకీ లెక్క చూసుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ షాపును బయటివాళ్లు అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి. ఆడిటరు సంవత్సరం అడుగుతారు. జీఎస్టీ రిటర్ను నెల అడుగుతుంది. శాఖ నుంచి నోటీసు వస్తే అందులో ఆర్థిక సంవత్సరం రాసి ఉంటుంది. సప్లయర్ వారీగా సర్దితే ఒక్క నెల బిల్లులు తీయడానికి ఇరవై ఫోల్డర్లు తెరవాలి. అందుకే పైన సంవత్సరం, లోపల పని, దాని లోపల నెల. సప్లయర్ పేరు ఫోల్డరుకు కాదు, ఫైలుకు పెట్టాం. మేము కట్టింది ఇలా ఉంటుంది:

```
SHOP
  00-INBOX
  01-PERMANENT
    SHOP
    SUPPLIERS
  FY2024-25
  FY2025-26
    1-PURCHASE
      2025-04
      2025-05
      ...
      2026-03
    2-SALES
    3-EXPENSES
    4-BANK
    5-GST
    6-YEAREND
```

నెలల పేర్లు గమనించండి. మన లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఫోల్డర్లకు April, May అని పెడితే కంప్యూటరు వాటిని అక్షరక్రమంలో పేరుస్తుంది, ఏప్రిల్ పక్కన ఆగస్టు వచ్చి కూర్చుంటుంది. 04, 05 అని ఉత్త నెల అంకె పెట్టినా చిక్కే. జనవరి 01 కాబట్టి సంవత్సరం చివర ఉండాల్సింది ముందుకొస్తుంది. `2025-04` అని ఏడాదితో కలిపి రాస్తే ఏప్రిల్ నుంచి మార్చి వరకు వాటంతట అవే వరసలో నిలబడతాయి.

`01-PERMANENT` ఏ సంవత్సరానికీ చెందని కాగితాలకు. షాపు అద్దె ఒప్పందం, జీఎస్టీ సర్టిఫికెట్ ఒక వైపు. ప్రతి సప్లయర్ జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, ధరల ఒప్పందం ఇంకో వైపు. వీటిని ఏటా కొత్త ఫోల్డరులోకి కాపీ చేసుకుంటూ పోతే నాలుగేళ్లకు నాలుగు కాపీలవుతాయి. సప్లయర్ బ్యాంకు ఖాతా మారినప్పుడు ఒక దాంట్లో దిద్ది మూడింటిలో మరచిపోతాం. డబ్బు పాత ఖాతాకు వెళ్లే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక ఫైలు పేరు. ఈ ఏర్పాటులో అసలు పని చేసేది ఇదే. ఒక కొనుగోలు బిల్లు మా దగ్గర ఇలా ఉంటుంది:

```
2025-05-12_PIPE-VJA_1187_41300.pdf
```

మొదట బిల్లు మీద ఉన్న తేదీ, తర్వాత సప్లయర్‌కు మేం పెట్టుకున్న పొట్టి పేరు, తర్వాత బిల్లు నంబరు, చివర మొత్తం సొమ్ము. PIPE-VJA అంటే విజయవాడ పైపుల డీలరు. పొట్టి పేర్ల పట్టిక ఒకటి `SUPPLIERS`లో ఉంటుంది. ఆ పట్టికలో లేని పేరు ఎవరూ వాడకూడదు. గుమాస్తా ఒకసారి PIPE అని, ఇంకోసారి PVC అని కొడితే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. బిల్లు నంబరు విషయంలో ఒక చిన్న అడ్డంకి ఉంది. చాలామంది డీలర్లు నంబరులో ఏటవాలు గీత వాడతారు, `VP/25-26/1187` అన్నట్టు. ఫైలు పేరులో ఆ గీతను విండోస్ ఒప్పుకోదు. దాని బదులు చిన్న అడ్డగీత పెట్టొచ్చు, లేదా చివరి అంకెలు మాత్రం రాయొచ్చు. ఏది చేసినా అన్ని బిల్లులకూ అదే చేయాలి.

పేరు ఇలా పెట్టాక సప్లయర్ వారీ ఫోల్డర్లు లేవన్న లోటు ఉండదు. `FY2025-26` తెరిచి వెతుకు పెట్టెలో PIPE-VJA అని కొడితే ఆ డీలరు ఏడాది బిల్లులన్నీ వస్తాయి, పేరు ప్రకారం పేర్చితే తేదీల వరసలో నిలుస్తాయి. ఒకే బిల్లును సప్లయర్ ఫోల్డరులో ఒకసారి, నెల ఫోల్డరులో ఒకసారి పెట్టాల్సిన పని లేదు. ఒక బిల్లుకు ఒక్కటే చోటు.

మరి ఏ చోటన్నది అనుమానం వస్తే? మార్చి 30న బిల్లు వేశారు, సరుకు ఏప్రిల్ 3న దిగింది. బాబాయి ఆ బిల్లు పట్టుకుని చాలాసేపు ఆగిపోయాడు. మేం పెట్టుకున్న నియమం ఏమిటంటే, బిల్లు మీద ఏ తేదీ ఉంటే అదే ఫోల్డరు. కాబట్టి అది పాత సంవత్సరపు `2025-03`లోకే పోతుంది. సరుకు ఎప్పుడు వచ్చింది, క్రెడిట్ ఏ నెలలో తీసుకున్నాం అన్నవి ఎక్సెల్ రిజిస్టరులో రాస్తాం. సరుకు తిప్పి పంపితే డీలరు ఇచ్చే క్రెడిట్ నోటు కూడా దాని తేదీ ప్రకారమే వెళ్తుంది. పేరులో CN అని, పక్కన అసలు బిల్లు నంబరు చేరుస్తాం.

డబ్బు కట్టినవి ఒక ఫోల్డరు, కట్టనివి ఒక ఫోల్డరు పెడదామని బాబాయి అడిగాడు. నేను వద్దన్నాను. బిల్లు ఎప్పుడూ అదే బిల్లు, బాకీ మాత్రం మారుతుంది. మారినప్పుడల్లా ఫైలును అటూ ఇటూ జరిపితే ఏదో ఒక రోజు తప్పు చోట పడుతుంది. సగం డబ్బు కట్టినప్పుడు ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబే ఉండదు. అది కూడా రిజిస్టరు పనే. కట్టిన తేదీ అని ఒక గడి చాలు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా సప్లయర్‌కు డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి కాబట్టి ఆ గడిని నెలకోసారి చూడక తప్పదు.

ఈ ఏర్పాటు ఎంతవరకు నిలబడిందో 2025 జూన్‌లో తెలిసింది. బాబాయిది నెలనెలా రిటర్ను వేసే షాపు. మే నెలకు సప్లయర్లు ఎక్కించిన బిల్లుల జాబితా, జీఎస్‌టీఆర్-2బి, జూన్ 14న పోర్టల్‌లో వచ్చింది. అందులో 31 బిల్లులున్నాయి. మా `2025-05`లో 34. రిటర్నుకు 20వ తేదీ వరకు గడువుంది. మేం రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం.

మొదటి తేడా కంటికే కనిపించింది. ఒకే తేదీ, ఒకే పొట్టి పేరు, ఒకే నంబరు, ఒకే సొమ్ముతో రెండు ఫైళ్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒకటి వాట్సాప్ ఫోటో, రెండోది కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్. బిల్లు ఒక్కటే, రెండుసార్లు చేరింది. పాత పద్ధతిలో అయితే దాన్ని రెండు కొనుగోళ్లుగా లెక్క రాసేవాళ్లం. రెండోది చిన్న డీలరు బిల్లు. ఆయన మూడు నెలలకోసారి రిటర్ను వేస్తాడు, ఆయన బిల్లు జులై 14న వచ్చే జాబితాలో కనపడాలి. రిజిస్టరులో గుర్తు రాసుకున్నాం. మూడోది పెయింట్ల డీలరుది. బిల్లు తెరిచి మన జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలూ వేలు పెట్టి చదివాం. రెండు అంకెలు తారుమారయ్యాయి. అదే రోజు ఫోన్ చేస్తే తర్వాతి నెల రిటర్నులో సరిచేశాడు. ఏడాదిన్నర ఆలస్యంగా బయటపడి 6,300 పోగొట్టిన తప్పు, ఈసారి నెల తిరగకుండానే దొరికింది.

దీనికి వారానికి అరగంట చాలు. రోజంతా వచ్చేవన్నీ `00-INBOX`లోకి వెళ్తాయి, ఎవరూ అప్పటికప్పుడు సర్దనక్కర లేదు. ఆదివారం పొద్దున బాబాయి ఒక్కొక్కటీ తెరిచి, పేరు పెట్టి, నెలలోకి పంపుతాడు. వేడికి అచ్చయ్యే నున్నటి కాగితం బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, వాటిని ముందు స్కాన్ చేస్తాడు. రెండు వారాలు ఇన్‌బాక్స్ ఖాళీ కాలేదంటే ఏర్పాటు చెడిపోతోందన్నమాట. చెడిపోవడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

మార్చి ముగిశాక ఆడిటరు గారు సంతకం చేసిన లెక్కలు, బ్యాలెన్స్ షీటు, టాలీ బ్యాకప్ `6-YEAREND`లో చేరతాయి. అప్పుడు ఆ సంవత్సరం ఫోల్డరు మొత్తాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా మార్చి, రెండు బయటి డిస్కుల్లోకి కాపీ చేస్తాం. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. ఆన్‌లైన్ డ్రైవులో ఉందిగా అని ఊరుకోకూడదు. లాప్‌టాప్‌లో పొరపాటున చెరిపేస్తే ఆ చెరుపు అక్కడికీ చేరుతుంది.

ఎన్నాళ్లు దాచాలి? జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. 2024-25కు ఆ గడువు 2025 డిసెంబరు 31, కాబట్టి 2031 డిసెంబరు 31 దాకా ఉంచాలి. అప్పీలో విచారణో నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది కూడా ఉంచాలి. ఆదాయపు పన్ను వైపు గడువు ఎంతో ఆడిటరును అడిగి, రెండింటిలో ఏది దూరమైతే అది పట్టుకోవాలి. పైన సంవత్సరం ఉంచినందుకు ఇక్కడ కూడా పని తేలికే. ఆ రోజు వచ్చినప్పుడు ఒక్క ఫోల్డరును తీసేస్తే చాలు, ఏ సప్లయర్ కాగితాల్లోనూ ఏరుకోనక్కర లేదు.

మొన్న ఆడిటరు గారి ఆఫీసు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది, పెయింట్ల బిల్లు ఒకటి కావాలని. బాబాయి కౌంటరు దగ్గర నిలబడే, అవతలి వాళ్లు ఫోన్ పెట్టేయకముందే పంపేశాడు.