మాంజర్ కండె ఎత్తుకపోయిన కథకు ఎన్ని మార్కులు?

షోలాపూర్‌లో మన మగ్గాలోళ్ల పిల్లలకు నేను బాల్వాడీ నడుపుతున్న. శనివారం శనివారం పిల్లలు ఇంటినుంచి ఒక వస్తువు తెచ్చి దాని ముచ్చట చెప్పాలె. దీన్నే ఇంగ్లీషు బడుల్లో షో అండ్ టెల్ అంటరు. మొన్న ఒక తల్లి వచ్చి, "పిల్లకు మాట సరిగ్గ రాదట, ఇంట్ల తెలుగు బందు పెట్టమన్నరు టీచర్" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. ఆ పిల్లకు అయిదేండ్లు. మా దగ్గర ఆమె చెప్పింది ఇది:

"ఇది కండె. నాయిన తెచ్చిండు. మాంజర్ నోట్ల పట్టుకొని పలంగ్ కిందికి ఉరికింది. దారమంతా దాని కాళ్లకు చుట్టుకుంది..." అని ఆగింది. "తర్వాత?" అన్న. "మ్యావ్ మ్యావ్ అన్నది. ఆజీ కాత్రీతోని కోసింది. నాకు నవ్వొచ్చింది. ఆజీకి రాగ్ ఆలా."

నేను నాలుగే సంగతులు చూస్త, ఒక్కోదానికి రెండు మార్కులు. సగం చెప్తే ఒకటి, అసలే చెప్పకపోతే సున్న.

మొదటిది, చూడనోళ్లకు ఎవరు, ఎక్కడ అన్నది తెలిసిందా? పలంగ్ కింద అన్నది, కని పిల్లి ఎవరిదో, ఎట్ల వచ్చిందో చెప్పలే. ఒకటి. రెండోది, జరిగింది జరిగిన వరుసల వచ్చిందా? పట్టుకునుడు, ఉరుకుడు, చిక్కుకునుడు, కోసుడు: ఏదీ ముందువెనుక కాలే. రెండు. మూడోది, ఒక చిక్కు వచ్చి అది తీరిందా? అక్షరాల చిక్కే పడ్డది, కాత్రీతో తీరింది. రెండు. నాలుగోది, ఎవరికి ఎట్లనిపించింది, ఎందుకు? నవ్వు, కోపం రెండూ చెప్పింది. ఆజీకి కోపం ఎందుకో చెప్పలే, దారం ఖరాబైందనో ఏమో. ఒకటి. మొత్తం ఎనిమిదికి ఆరు.

మాంజర్, కాత్రీ, రాగ్ ఆలా అన్న మరాఠీ మాటలకు మార్కులు కోయలే. రెండు భాషల నడుమ పెరిగే పిల్ల ముందు నోటికొచ్చిన మాట వాడుతది. కథ కట్టుడు వేరు, మాటల లెక్క వేరు. రెండూ ఒక్క మార్కుల కలిపితే ఈ పిల్ల "మాట రాని పిల్ల" అయిపోతది. మాటల సంగతి చూడాల్నంటే వేరే కాయితం పెట్టుకోవాలె.

మనం అడిగే తీరుతోని కూడ మార్కులు చెడుతయి. "తర్వాత?" అంటే పిల్ల కథ పిల్లదే. "పిల్లి భయపడ్డదా?" అంటే "ఆఁ" అంటది, అది మన కథ, దానికి మార్కు వెయ్యొద్దు. "తర్వాత?" అని అడిగినచోట నేను చుక్క పెడ్త. చుక్కలు తగ్గుతుంటే పిల్ల సొంతంగ చెప్తున్నట్టే. కొందరు వస్తువునే వర్ణిస్తరు, ఎర్రగుంది, గుండ్రంగుంది అని. అది కథ కాదు, కని వాళ్లకు సున్నలు వెయ్యకముందు "దీంతోని ఒకనాడు ఏమైంది?" అని ఒక్కసారి అడగాలె.

ఒక్క శనివారం మార్కు చూసి ఏదీ తేల్చొద్దు. నిద్రచాలకున్నా, పిల్ల సిగ్గుపడ్డా నోరు పెగలది. కనీసం మూడుసార్లు రాసి, పిల్ల మార్కును ఆ పిల్ల పాత మార్కుతోనే సరిచూడాలె. నాలుగేండ్లు నిండనోళ్ల దగ్గర మూడో సంగతి నేను అడుగనే అడుగ. మూడుసార్లయినా వరుస తప్పుతుంటే, ఇంట్ల మాట్లాడే భాషల కూడ చిన్న ముచ్చట చెప్పలేకపోతుంటే, చెవులు చూపించుకొమ్మని తల్లికి చెప్త.

ఆ కాయితం మీద తారీఖు వేసి తల్లి చేతికిచ్చిన, ఆ టీచరమ్మకు చూపెట్టుమని. వచ్చే శనివారం పిల్లి ఎవరిదో పిల్ల తనంతట తనే చెప్తదా అని చూస్త.