భుక్తాయాసానికి ముందే తృప్తి: ఆకలి, నిండుదనం సంగతులు

భద్రాద్రికి వచ్చే భక్తులు అన్నదానసత్రంలో పంక్తిలో కూర్చుని భోజనం చేయడం నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. దూరప్రాంతాల నుండి రాత్రంతా బస్సులో ప్రయాణించి, గోదావరిలో స్నానమాడి, దర్శనపు వరుసలో నిలిచి వచ్చినవారికి ఆకలి దంచుతూ ఉంటుంది. వడ్డన వేగంగా సాగుతుంది. పది నిమిషాలలో విస్తరి ఖాళీ అవుతుంది. "ఇంకొంచెం అన్నం?" అని వడ్డించేవారు అడిగితే, కాదనాలని అప్పటికి అనిపించదు. చేయి కడుక్కుని చెట్టు నీడకు చేరిన మరో పది నిమిషాలకు పొట్ట బరువెక్కి, ఊపిరి ఆడక, నడుము వాల్చాలనిపిస్తుంది. దీనినే మన పెద్దలు భుక్తాయాసం అన్నారు. తినేటప్పుడు లేని నిండుదనం తిన్న తరువాత ఎక్కడి నుండి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే, తక్కువ తిని తృప్తి పొందే మార్గం కూడా తెలుస్తుంది.

ఆకలి పుట్టేది పొట్ట ఖాళీ అయినందువల్ల మాత్రమే కాదు. జీర్ణాశయపు పైభాగం నుండి గ్రెలిన్ అనే రసాయనం రక్తంలోకి విడుదలై, మెదడు అడుగున ఉన్న ఆకలి కేంద్రాన్ని తట్టిలేపుతుంది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నారు. ఇందులో ఒక విశేషం ఉంది. మనం రోజూ తినే వేళకు అది దానంతటదే పెరుగుతుంది. ఆ వేళ దాటిపోతే, తినకపోయినా కొంత తగ్గుతుంది. పన్నెండు గంటలకు విలవిలలాడించిన ఆకలి, ఏదో పనిలో పడి ఒంటిగంట దాటితే చల్లబడడం మనకందరికీ అనుభవమే. కనుక ఆకలి అలవంటిది. అది లేచిన ప్రతిసారీ శరీరంలో శక్తి అడుగంటిందని అర్థం కాదు.

నిండుదనం రెండు దారులలో తెలుస్తుంది. మొదటిది పొట్ట సాగడం. ఆహారం చేరినకొద్దీ జీర్ణాశయపు గోడలు సాగి, ఆ సమాచారం వేగస్ అనే పెద్ద నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. రెండవది పేగుల నుండి వచ్చే వార్త. మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థాలు చిన్నపేగులోకి దిగినప్పుడు దాని గోడల నుండి కొన్ని రసాయనాలు వెలువడి, "ఇక చాలు" అని మెదడుకు చెబుతాయి, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని కూడా తగ్గిస్తాయి. ఈనాడు మధుమేహానికీ, బరువు తగ్గడానికీ ఇస్తున్న కొన్ని కొత్త ఇంజెక్షన్లు అనుకరించేది ఈ రసాయనాలలో ఒకటైన జీఎల్‌పీ-1నే. ఈ రెండవ వార్త పూర్తిగా అందడానికి భోజనం మొదలుపెట్టిన తరువాత ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. పది నిమిషాలలో తినడం ముగించినవాడు, ఆ వార్త అందకముందే రెండవసారి, మూడవసారి అన్నం పెట్టించుకుంటాడు. భుక్తాయాసమంటే ఆలస్యంగా చేరిన ఉత్తరం వంటిది.

ఇక్కడ గమనించదగినది మరొకటి ఉంది. పొట్ట సాగినప్పుడు అది కొలిచేది పరిమాణాన్ని; కేలరీలను కాదు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి, అది పొట్టలో ఆక్రమించే చోటు అత్యల్పం. అదే 120 కేలరీలకు సొరకాయ తినాలంటే ముప్పాతిక కిలోకు పైగా తినాలి. అందుచేత నీరు, పీచు ఎక్కువగా ఉన్న ఆహారం తక్కువ శక్తితో ఎక్కువ చోటు నింపుతుంది.

అయితే నీరు నింపాలి కదా అని భోజనానికి ముందు చెంబెడు నీళ్లు తాగితే సరిపోతుందా? 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ సంగతిని పరీక్షించారు. భోజనానికి ముందు కొందరు స్త్రీలకు ఒకనాడు అన్నం, కూరగాయలు కలిపి వండిన వంటకాన్ని, మరొకనాడు అదే వంటకాన్ని గ్లాసుడు నీళ్లతో, ఇంకొకనాడు అవే నీళ్లు అందులోనే పోసి చారులా కాచి ఇచ్చారు. పదార్థాలు మూడింటిలోనూ ఒకటే. చారు తాగిన నాడు మాత్రం వారు తరువాతి భోజనంలో సుమారు 100 కేలరీలు తక్కువ తిన్నారు. పక్కన తాగిన నీటికి ఆ ఫలితం రాలేదు. వట్టి నీరు పొట్ట నుండి త్వరగా జారిపోతుంది. ఆహారంతో ఉడికి కలిసిన నీరు దానితోపాటే నిలుస్తుంది.

మన మన్యపు అంచున కోయ సోదరుల ఇళ్లలో తాగే జొన్న అంబలి ఈ సూత్రానికి నిలువెత్తు నిదర్శనం. నలభై గ్రాముల జొన్నపిండిలో ఉన్నవి 140 కేలరీలకు మించవు. దానిని నీటిలో కాచి, మజ్జిగ కలిపితే అర లీటరు అవుతుంది. కొండపనికి పోయేవారికి అది చాలని ఆహారమే కావచ్చు. కూర్చుని పనిచేసే మనబోటివారికి మాత్రం ఉదయపు ఆకలిని చక్కగా తీరుస్తుంది. రక్తపోటు ఉన్నవారు అందులో ఉప్పు తగ్గించుకోవాలి.

ఇక నా అనుభవం చెబుతాను. పాఠశాల ఉద్యోగం విరమించాక నా బరువు 68 కిలోల నుండి 76 కిలోలకు పెరిగింది. తగ్గించమని వైద్యుడు చెప్పగా, నేను తొందరపడి మధ్యాహ్నపు అన్నాన్ని సగానికి కోసి, దాని స్థానంలో మరేమీ చేర్చలేదు. తగ్గినవి 260 కేలరీలు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆకలి ఆగక గుప్పెళ్లతో చేగోడీలు తినేవాణ్ణి. అరవై గ్రాముల చేగోడీలలోనే దాదాపు 300 కేలరీలు! నెల గడిచినా ముల్లు కదలలేదు. పొట్టలో చోటు ఖాళీగా వదలడమే నేను చేసిన తప్పు.

అప్పుడు మా ఇంటి వంటను త్రాసులో పెట్టి చూశాము. పాత భోజనంలో వండిన అన్నం 400 గ్రాములు, పెద్ద చెంచా నూనెతో చేసిన దొండకాయ వేపుడు 100 గ్రాములు, పప్పు 50 గ్రాములు, రెండు చిన్న చెంచాల నెయ్యి, ఊటతో ఆవకాయ ఒక చెంచా, పెరుగు 100 గ్రాములు ఉండేవి. మొత్తం బరువు ముప్పాతిక కిలో కంటె తక్కువ. శక్తి సుమారు 920 కేలరీలు. కొత్త భోజనంలో అన్నం 200 గ్రాములు, పాలకూర పప్పు 150 గ్రాములు, చిన్న చెంచా నూనెతో సొరకాయ కూర 200 గ్రాములు, ఒక చిన్న చెంచా నెయ్యి, చివరి అన్నంలోకి గ్లాసుడు పలుచని మజ్జిగ పెట్టుకున్నాను. దీని బరువు పాతదానికన్నా ఎక్కువ. శక్తి మాత్రం 575 కేలరీలు. విస్తరి నిండుగానే ఉంది, 345 కేలరీలు తగ్గాయి.

ఇందులో పప్పు మూడు రెట్లు కావడం యాదృచ్ఛికం కాదు. అన్ని పోషకాలలోనూ మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి. వాటికి పీచు తోడైతే ఆ ఫలితం ఇంకా నిలుస్తుంది. కంది, పెసర, బొబ్బర్లు, ఉలవలు ఈ రెండూ కలిగినవి. వయసు మళ్లినవారికి బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండడానికి కూడా పప్పు, పాలు, నడక అవసరం. కూరను, పప్పును ముందు తిని అన్నాన్ని తరువాత కలుపుకోవడం వల్ల, నిండుదనపు వార్త బయలుదేరేసరికి అన్నం వంతు మిగిలి ఉంటుంది. అప్పుడు రెండవ వడ్డన అడగాలనిపించదు.

ఏకాదశి ఉపవాసం చేసేవారికి ఒక మాట. ఉపవాసం పేర సగ్గుబియ్యం ఉప్మా, వేయించిన బంగాళాదుంపలు తినడం చూస్తున్నాను. సగ్గుబియ్యం దాదాపు కేవలం పిండిపదార్థమే; అందులో మాంసకృత్తులు, పీచు లేనట్టే. బంగాళాదుంప మాత్రం దోషి కాదు. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో 38 రకాల ఆహారాలను సమాన కేలరీల చొప్పున తినిపించి, రెండు గంటలపాటు నిండుదనాన్ని కొలిచారు. ఉడికించిన బంగాళాదుంప అన్నిటికన్న మిన్నగా నిలిచి, తెల్ల రొట్టెకు మూడింతలు మించిన తృప్తినిచ్చింది. దుంపకు ఉన్న గుణాన్ని చెరిచేది నూనె మూకుడే. కనుక ఏకాదశినాడు ఉడికించిన దుంప, జామపండు, మజ్జిగ తీసుకుంటే, ద్వాదశి పారణలో ఒక్కసారిగా మీదపడి తినే అవస్థ తప్పుతుంది.

"కడుపు నిండింది" అన్నవారు కూడా బొబ్బట్టు కనబడగానే చోటిస్తారు. ఇది చాపల్యం మాత్రమే కాదు. ఒకే రుచిని తింటూ పోతే ఆ రుచిపై కోరిక తగ్గుతుంది. కొత్త రుచి వచ్చేసరికి మళ్లీ లేస్తుంది. వంటకాలు పెరిగినకొద్దీ భోజనం పెరగడానికి కారణం ఇదే. మీకు కలిగింది ఆకలా, రుచికోరికా అని తెలుసుకోవాలంటే, "ఇప్పుడు వట్టి మజ్జిగన్నం పెడితే తింటానా?" అని ప్రశ్నించుకోండి. తింటాననిపిస్తే అది ఆకలి. నిద్ర చాలని మరునాడు మాత్రం ఈ పరీక్ష కూడా తప్పుతుంది. నిద్రలేమి ఆకలిని పెంచుతుంది. రాత్రి ప్రయాణం చేసివచ్చిన భక్తులు దీనిని గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఎనిమిది నెలలలో నేను 5 కిలోలు తగ్గాను, అక్కడ ఆగిపోయింది. కొవ్వు కరిగినకొద్దీ దాని నుండి వెలువడే లెప్టిన్ తగ్గి, మెదడు దానిని కరవుగా భావించి ఆకలిని పెంచుతుంది. శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. కనుక బరువు ఆగినప్పుడు మరింత కోత పెట్టడం కంటె, ఉన్నదానిని నిలుపుకోవడమే మేలు. ఇన్సులిన్ లేదా మధుమేహపు మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పు పెంచేముందు అడగాలి. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఈ కోత తగదు. ఎంత తిన్నా ఆకలి, దాహం తీరక బరువు తగ్గిపోతున్నా, ప్రయత్నమేమీ లేకుండానే ఆకలి మందగించి చిక్కిపోతున్నా అది ఆహారనియమంతో సరిదిద్దుకొనే విషయం కాదు, పరీక్ష చేయించుకోవలసిందే.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో ఉదరాన్ని నాలుగు భాగాలు చేసి, రెండు ఘనాహారానికి, ఒకటి ద్రవానికి కేటాయించి, నాలుగవది ఖాళీగా ఉంచమన్నారు. ఆ నాలుగవ భాగం, తరువాత చేరబోయే వార్తకు మనం ఉంచే చోటని నాకిప్పుడు తోస్తున్నది. ఈసారి సత్రంలో పంక్తిలో కూర్చున్నప్పుడు, ముందు పప్పూ కూరా తిని, అన్నం రెండవసారి వచ్చేసరికి చేయి అడ్డుపెట్టి, "మజ్జిగ పోయండి నాయనా" అనండి. వడ్డించేవారు నొచ్చుకోరు. విస్తరిలో అన్నం మిగలదు, చెట్టు కింద ఆయాసమూ ఉండదు.